గది వేడిగా ఉండడం 0.6 అంటే అసలు ఏమిటి?

ప్రశ్న: గది ఉష్ణోగ్రత, తేమ చూసి ఫ్యాన్ స్పీడ్ మార్చే ప్రాజెక్టు చేస్తున్నాను. 29 డిగ్రీలు వచ్చిందంటే వేడి, లేకపోతే కాదు అని if పెట్టాను. మా గైడ్ గారు ఫజ్జీ లాజిక్ వాడమంటున్నారు. "వేడి 0.6" అంటే 60 శాతం ప్రాబబిలిటీ అనే కదా? అలాంటప్పుడు కొత్త పేరు ఎందుకు? ఏ మాటైనా నిజమో అబద్ధమో అయి తీరాలి, మధ్యలో సగం నిజం ఎలా ఉంటుంది?

జవాబు:

కాదండీ, 0.6 అంటే 60 శాతం అవకాశం కాదు. ఈ ఒక్క ముడి విడిపోతే మిగతా సందేహాలు సగం తీరిపోతాయి, అందుకే ముందు దీన్నే పట్టుకుందాం.

రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. "రేపు మధ్యాహ్నం రెండు గంటలకు విజయవాడలో 40 డిగ్రీలు దాటే అవకాశం 0.6." "ఇప్పుడు 29 డిగ్రీలున్న ఈ గది వేడిగా ఉంది అన్న మాట 0.6 మేరకు నిజం." మొదటి వాక్యంలో 0.6 ఉన్నది మనకు తెలియనిది ఉంది కాబట్టి. రేపు రెండు గంటలకు థర్మామీటర్ చూస్తే 41 ఉంటుంది, లేదా 38 ఉంటుంది. ఆ క్షణంలో 0.6 కాస్తా ఒకటో సున్నానో అయిపోతుంది. రెండో వాక్యం అలా కాదు. ల్యాబ్‌లో ఉన్న అత్యుత్తమ థర్మామీటర్ తెచ్చి పెట్టండి, సరిగ్గా 29.000 చూపించిందనుకోండి. గది గురించి తెలియాల్సిందంతా తెలిసిపోయింది. అయినా "ఈ గది వేడిగా ఉందా?" అని అడిగితే "కొంచెం వేడిగానే ఉంది" అనే అంటారు. ఎంత కొలిచినా ఆ "కొంచెం" పోదు. తెలియనితనం వల్ల వచ్చింది కాదు కాబట్టి తెలుసుకుంటే తీరేదీ కాదు. వేడి అనే మాట ఒక గీత దగ్గర మొదలవదు, కొన్ని డిగ్రీల మేర నెమ్మదిగా పెరుగుతుంది. ఆ పెరుగుదలలో 29 ఎక్కడుందో చెప్పేదే 0.6.

ఈ రెండూ ఒకదాన్నొకటి తోసిపుచ్చవు. రేపు సాయంత్రం గది 29 డిగ్రీలు ఉండే అవకాశం 0.3 కావచ్చు, ఉంటే గనక అది వేడి కావడం 0.6. రెండు అంకెలూ సున్నాకీ ఒకటికీ మధ్యే ఉంటాయి, అంతకు మించి పోలిక లేదు.

ఇక మీ చివరి ప్రశ్న, మాట నిజమో అబద్ధమో అయి తీరాలన్నది. అరిస్టాటిల్ కాలం నుంచి వచ్చిన తర్కం ఇదే: ఒక వాక్యం గానీ దాని వ్యతిరేకం గానీ నిజం, మూడో దారి లేదు. దీంట్లో తప్పేమీ లేదు. "సెన్సర్ ఇప్పుడు 29 లేదా అంతకన్నా ఎక్కువ చూపిస్తోంది" అన్న వాక్యానికి ఈ తర్కం నూటికి నూరుపాళ్లూ సరిపోతుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, మీ if ఆ వాక్యాన్ని తీసుకుని "గది వేడిగా ఉంది" అన్న వాక్యం స్థానంలో కూర్చోబెట్టినప్పుడు. ఈ రెండూ ఒకటి కావు. ఒకటి కాదని చూపించే పాత వాదన ఒకటుంది, దాన్ని ఉష్ణోగ్రతల్లో చెబుతాను.

20 డిగ్రీల గది వేడి కాదు, ఒప్పుకుంటారు. ఒక గది వేడి కాకపోతే, దానికి 0.1 డిగ్రీ కలిపినంత మాత్రాన వేడి అయిపోదు. ఇదీ ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే 0.1 తేడా మన ఒంటికి తెలియదు. ఇప్పుడు రెండో మాటను 250 సార్లు వరసగా వాడండి. 20.1 వేడి కాదు, 20.2 వేడి కాదు, అలా పోయి పోయి 45 డిగ్రీల గది కూడా వేడి కాదని తేలుతుంది! మే నెలలో రామగుండంలో నిలబడి ఆ మాట ఎవరూ అనలేరు. నిజం-అబద్ధం తర్కంలో దీని నుంచి బయటపడాలంటే ఒకటే మార్గం: ఆ 250 అడుగుల్లో ఏదో ఒక్కటి పూర్తిగా అబద్ధం అనాలి. అంటే 28.9 వేడి కాదు గానీ 29.0 వేడి అనాలి. మీ if చేస్తున్నది అదే.

ఫజ్జీ తర్కం ఇంకో దారి చూపిస్తుంది, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. 26 డిగ్రీల దాకా వేడి 0 అనీ, 31కి 1 అనీ, మధ్యలో సమంగా పెరుగుతుందనీ అనుకుందాం. ఐదు డిగ్రీల్లో 0 నుంచి 1కి వెళ్తోంది కాబట్టి ప్రతి 0.1 డిగ్రీకీ 0.02 పెరుగుతుంది. "ఇది వేడి కాకపోతే, ఇంకో 0.1 కలిపినా వేడి కాదు" అన్న మాట ఆ మధ్య ప్రాంతంలో ఎంత నిజం? లుకసీవిచ్ అనే పోలండ్ తార్కికుడి లెక్క ప్రకారం, "అయితే"కి ముందున్న భాగం విలువ కన్నా తర్వాతి భాగం విలువ ఎంత తగ్గితే అంత మేరకే వాక్యం విలువ ఒకటి నుంచి తగ్గుతుంది. ఇక్కడ తగ్గింది 0.02, కాబట్టి ఆ మాట 0.98 నిజం. అందుకే విడిగా వింటే ఏ అడుగూ తప్పనిపించదు. కానీ 26 నుంచి 31 దాకా అలాంటి అడుగులు 50 ఉన్నాయి. అడుగుకి 0.02 చొప్పున 50 అడుగుల్లో మొత్తం ఒకటీ కరిగిపోతుంది. మోసం ఏ ఒక్క అడుగులోనూ లేదు, అన్నిట్లోనూ తలా కాస్తా ఉంది.

1965లో లాట్ఫీ జాదే "ఫజ్జీ సెట్స్" అనే పేపర్లో చెప్పింది ఈ ఆలోచనకే గణిత రూపం. బర్కిలీలో కంట్రోల్ సిస్టమ్స్ మనిషి ఆయన. మామూలు సెట్‌లో ఒక వస్తువు ఉంటుంది, లేదా ఉండదు. ఆయన సెట్‌లో ప్రతి వస్తువుకీ సున్నా నుంచి ఒకటి దాకా ఒక మెంబర్‌షిప్ ఉంటుంది. పైన నేను వేసిన 26–31 గీత "వేడి" అనే సెట్‌కి మెంబర్‌షిప్ ఫంక్షన్. 29 దగ్గర విలువ (29 − 26) / 5 = 0.6.

ఆ 26, 31 ఎక్కడి నుంచి వచ్చాయని మీరు అడగాలి, అడగకపోతే వైవాలో మిమ్మల్ని అడుగుతారు. ఫజ్జీ లాజిక్ వాటిని చెప్పదు. అవి మనం పెట్టాల్సినవే. కాబట్టి ఊహించి పెట్టకండి. మీ క్లాసులో వాళ్లనే కూర్చోబెట్టి, వేర్వేరు రోజుల్లో వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర "ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగి రాసుకోండి. ఒక్కరు కూడా వేడి అనని చోట సున్నా, దాదాపు అందరూ వేడి అన్న చోట ఒకటి. "దాదాపు" అని ఎందుకన్నానంటే అందరూ ఒకే మాట మీద ఉండే ఉష్ణోగ్రత దొరకదు. గదిలో హాయి గురించి లోతుగా పనిచేసిన డెన్మార్క్ పరిశోధకుడు ఫాంగర్ తయారుచేసిన మోడల్లో అన్నీ సరిగ్గా కుదిరిన గదిలో కూడా 5 శాతం మంది అసంతృప్తిగా ఉంటారనే లెక్క. హాయికి ఆయన తీసుకున్నవి ఆరు: గాలి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న గోడలూ పైకప్పూ వెదజల్లే వేడి, గాలి వేగం, తేమ, మనిషి చేస్తున్న పని, వేసుకున్న బట్టలు. మీ సెన్సర్ వీటిలో రెండే చూస్తుంది. డాబా పై అంతస్తులో ఉండే వాళ్లకు రెండోది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు, రాత్రి పదకొండుకి గాలి 29 ఉన్నా పైన శ్లాబు కాలుతూనే ఉంటుంది. అలాంటి గదికి అవే 26, 31 పనికిరావు, కిందికి జరపాలి.

ఇప్పుడు మీ ప్రాజెక్టునే అంకెలతో చేసి చూద్దాం. ఉష్ణోగ్రతకి మూడు మాటలు పెడదాం. "చల్లగా" 21 దాకా 1, అక్కణ్నుంచి తగ్గుతూ 26కి 0. "హాయిగా" 21 దగ్గర మొదలై 26కి 1 అయి 31కి మళ్లీ 0. "వేడిగా" 26 నుంచి 31కి పెరుగుతుంది. తేమకి రెండు మాటలు: "పొడిగా" 40 శాతం దాకా 1, 80కి 0, "ఉక్కగా" దానికి ఎదురు. ఫ్యాన్ స్పీడ్ రూల్స్ ఐదు. చల్లగా ఉంటే 10 శాతం. హాయిగా, పొడిగా ఉంటే 30. హాయిగా, ఉక్కగా ఉంటే 50. వేడిగా, పొడిగా ఉంటే 70. వేడిగా, ఉక్కగా ఉంటే 100.

గది 29 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకుందాం. వేడి 0.6, హాయి 0.4, చల్లదనం 0. ఉక్క (70 − 40) / 40 = 0.75, పొడి 0.25. "వేడిగానూ ఉక్కగానూ ఉంది" ఎంత నిజం? జాదే పద్ధతిలో "మరియు" అంటే రెండిటిలో చిన్నది. 0.6, 0.75లో చిన్నది 0.6. అలాగే హాయి-పొడి 0.25, హాయి-ఉక్క 0.4, వేడి-పొడి 0.25. అంటే నాలుగు రూల్సూ ఒకేసారి తలా కొంత పనిచేస్తున్నాయి. మామూలు if-else నుంచి వచ్చిన వాళ్లకు ఇక్కడే కాస్త తడబాటు వస్తుంది. ఏ రూల్ గెలిచిందని వెతకకూడదు. ప్రతి రూల్ తన స్పీడ్ చెబుతుంది, తను ఎంత నిజమో అంత బరువుతో చెబుతుంది, మనం వెయిటెడ్ యావరేజ్ తీస్తాం.

బరువులు గుణిస్తే 0.25 × 30 = 7.5, 0.4 × 50 = 20, 0.25 × 70 = 17.5, 0.6 × 100 = 60. మొత్తం 105. బరువుల మొత్తం 1.5. భాగిస్తే 70. ఫ్యాన్ 70 శాతం మీద తిరుగుతుంది.

కోడ్ ఇంతే:

```python
def clamp(x):
    return max(0.0, min(1.0, x))

def fan(T, RH):
    vedi = clamp((T - 26) / 5)
    challa = clamp((26 - T) / 5)
    hayi = 1 - vedi - challa
    ukka = clamp((RH - 40) / 40)
    podi = 1 - ukka
    rules = [(challa, 10),
             (min(hayi, podi), 30),
             (min(hayi, ukka), 50),
             (min(vedi, podi), 70),
             (min(vedi, ukka), 100)]
    w = sum(a for a, s in rules)
    return sum(a * s for a, s in rules) / w
```

ఇదే గదిని మీ if పద్ధతిలో చూడండి. 29 నుంచి వేడి, 60 శాతం నుంచి ఉక్క అని గీతలు పెడితే, తేమ 70 దగ్గర 28.9కి ఫ్యాన్ 50, 29.0కి 100. మీరు వాడుతున్నది డీహెచ్‌టీ22 సెన్సర్ అయితే దాని కచ్చితత్వమే అటూ ఇటూ అర డిగ్రీ. గది మారకపోయినా రీడింగ్ 28.9కీ 29.1కీ మధ్య ఊగుతూ ఉంటుంది, ఫ్యాన్ దానితో పాటు సగం నుంచి పూర్తి వేగానికీ మళ్లీ సగానికీ పరిగెడుతుంది. ఆ చప్పుడు మార్పు చాలు, రాత్రి నిద్ర పట్టదు. ఫజ్జీలో 29.0కి 70.0 వచ్చింది, 29.1కి 70.7 వస్తుంది. ఎవరికీ తెలియదు కూడా.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ ఊగిసలాటకి ఫజ్జీయే మందు కాదు. 29 వస్తే పెంచు, 28 కన్నా తగ్గితేనే తగ్గించు అని హిస్టరిసిస్ పెడితే సరిపోతుంది, మామూలు ఫ్రిజ్ థర్మోస్టాట్‌లు ఇలాగే పనిచేస్తాయి. ఊగిసలాట ఆపడం కోసమే ఫజ్జీ అని రిపోర్టులో రాస్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటారు. అసలు తేడా వేరే చోట ఉంది.

రెండు గదులు తీసుకోండి. ఒకటి విశాఖలో సముద్రం దగ్గర, 28.9 డిగ్రీలు, తేమ 85 శాతం. రెండోది హైదరాబాద్‌లో, 29.1 డిగ్రీలు, తేమ 45 శాతం. ఏ గదిలో ఫ్యాన్ ఎక్కువ తిరగాలో ఈ రెండు ఊళ్లలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. మొదటి గదిలో చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. మీ if ఏం చేస్తుంది? విశాఖ గది 29కి చేరలేదు కాబట్టి హాయి-ఉక్క, 50 శాతం. హైదరాబాద్ గది వేడి-పొడి, 70 శాతం. వరస తలకిందులైంది. 0.2 డిగ్రీ తేడా 40 శాతం తేమ తేడాని మింగేసింది. ఫజ్జీలో విశాఖ గదికి వేడి 0.58, హాయి 0.42, ఉక్క పూర్తిగా 1. రెండే రూల్స్ పనిచేస్తాయి: 0.42 × 50 + 0.58 × 100 = 79. హైదరాబాద్ గదికి వేడి 0.62, హాయి 0.38, ఉక్క 0.125, పొడి 0.875. నాలుగు రూల్స్ బరువులు 0.38, 0.125, 0.62, 0.125, లెక్క వేస్తే దాదాపు 59. వరస సరైంది. దీన్ని ఏ హిస్టరిసిసూ సరిచేయలేదు, ఎందుకంటే ఇక్కడ తప్పు రీడింగ్ ఊగడంలో లేదు. గీతకి అవతల ఎంత దూరంలో ఉన్నామన్న సమాచారాన్ని if మొదటి అడుగులోనే పారేసింది. నిజం-అబద్ధం పద్ధతిని డిగ్రీల పద్ధతితో పోల్చి మీ రిపోర్టులో ఒకే ఒక్క టేబుల్ పెట్టాలంటే ఈ రెండు గదుల టేబుల్ పెట్టండి.

ఇంత లాభం ఊరికే రాదు. దీనికి తర్కంలో కట్టాల్సిన ఖరీదు ఉంది, దాన్ని దాచిపెట్టి ఫజ్జీని పొగడడం నాకు నచ్చదు. ఫజ్జీలో "కాదు" అంటే ఒకటి నుంచి తీసేయడం. వేడి 0.6 అయితే "వేడి కాదు" 0.4. "లేదా" అంటే రెండిటిలో పెద్దది. అలాగైతే "గది వేడిగా ఉంది లేదా వేడిగా లేదు" విలువ 0.6 మాత్రమే. క్లాసికల్ తర్కంలో ఇది ఎప్పుడూ నిజం, ఇక్కడ కాదు. "వేడిగా ఉంది మరియు వేడిగా లేదు" అన్నది 0.4, సున్నా కాదు. ప్రాబబిలిటీలో ఈ వాక్యం విలువ ఎప్పుడూ సున్నాయే. 0.6 ప్రాబబిలిటీ కాదని చెప్పడానికి ఇది ఇంకో గట్టి రుజువు. అంకెలే ఒకలాంటివి, వాటిని కలిపే సూత్రాలు వేరు.

కొందరు దీన్ని సమర్థిస్తారు. "వేడిగా ఉందా?" అంటే "ఉందీ, లేదూ" అని మనం రోజూ అంటూనే ఉంటాం, కాబట్టి 0.4 సహజమే అంటారు. అందులో నిజముంది. కానీ 28.5 దగ్గరికి రండి. వేడి 0.5, వేడి కాకపోవడం 0.5. "వేడిగానూ ఉంది, వేడిగానూ ఉంది" అని ఒకే మాట రెండుసార్లు అంటే 0.5. "వేడిగానూ ఉంది, వేడి కాకుండానూ ఉంది" అన్నా 0.5. మొదటిది ఊరికే చెప్పిన మాటే మళ్లీ చెప్పడం, రెండోది పరస్పర విరుద్ధం. ఈ తర్కానికి రెండూ సమానం. కిట్ ఫైన్ అనే తత్వవేత్త 1975లో ఎత్తిచూపిన లోటు ఇదే: కలిపే సూత్రం కేవలం రెండు అంకెల్ని చూస్తుంది గానీ ఆ రెండు మాటలకీ మధ్య సంబంధం ఉందో లేదో చూడదు. "చిన్నది తీసుకో" బదులు లుకసీవిచ్ సూత్రం వాడి, రెండూ కూడి ఒకటి తీసేస్తే విరుద్ధ వాక్యం సున్నా అవుతుంది, బాగుంది. కానీ అప్పుడు "వేడి, వేడి" కూడా సున్నా అవుతుంది. ఒక చోట లాగితే ఇంకో చోట పొట్టి అయ్యే దుప్పటి లాంటిది ఇది. ఫ్యాన్ నడపడానికి ఈ లోటు అడ్డు రాదు, మన ఐదు రూల్స్‌లో ఎక్కడా "వేడి మరియు వేడి కాదు" అన్నది లేదు. కోర్టు వాదననో వైద్య నిర్ధారణనో ఫజ్జీతో తేల్చేద్దామనుకున్నప్పుడు మాత్రం ఇది గట్టిగా అడ్డొస్తుంది.

"మరియు"కి ఏ సూత్రం వాడామన్నది ఫలితాన్ని కూడా మారుస్తుంది. అదే 29 డిగ్రీలు, 70 శాతం గదికి చిన్నది తీసుకోకుండా గుణకారం వాడండి. బరువులు 0.1, 0.3, 0.15, 0.45 అవుతాయి, మొత్తం ఒకటి, స్పీడ్ 73.5. ఇందాక 70. ఏది "సరైనది" అని అడిగితే జవాబు లేదు. గుణకారం వాడితే మారే తీరు ఇంకా నునుపుగా ఉంటుంది, చిన్నది తీసుకుంటే చేత్తో లెక్క వేసి పరీక్షించుకోవడం తేలిక. మీరు ఏది వాడారో రిపోర్టులో రాయడం మర్చిపోకండి.

ఇంకా లోతుకి వెళ్తే, గుణకారంతో చేసిన ఈ కంట్రోలర్ హాయి-వేడి, పొడి-ఉక్క అనే నాలుగు మూలల మధ్య ఇంటర్‌పొలేషన్ తప్ప ఇంకేమీ కాదు. ఒక టేబుల్ రాసి మధ్య విలువలు పూరించినా అదే అంకె వస్తుంది. మరి ఫజ్జీ దేనికి? ఆ మూలల్ని "వేడిగా, ఉక్కగా ఉంటే ఫుల్లుగా తిప్పు" అని మనుషులు మాట్లాడే మాటల్లో రాసుకోవచ్చు, వీధిలో ఫ్యాన్లు బాగుచేసే మనిషి కూడా చదివి "ఇది తప్పు, ఇక్కడ 50 చాలదు" అనగలడు. 1970ల మధ్యలో లండన్ క్వీన్ మేరీ కాలేజీలో మామ్దానీ, అసీలియన్ ఒక చిన్న ఆవిరి ఇంజిన్ని ఇలాగే నడిపి చూపించారు: ఆపరేటర్ నోటితో చెప్పగలిగే రూల్స్ తీసుకుని వాటినే కంట్రోలర్ చేశారు. 1987లో మొదలైన జపాన్ సెందై మెట్రో రైళ్లలో హిటాచీ వాళ్లు వేగం, బ్రేకులు ఫజ్జీతోనే నడిపారు. సిస్టమ్‌కి సరైన సమీకరణం లేక, అనుభవమున్న మనిషి మాత్రం ఉన్న చోట ఇది బాగా కుదురుతుంది. అదే "గదిని 24 దగ్గర నిలబెట్టు" అన్న ఒకే లక్ష్యం ఉంటే మామూలు పీఐడీ కంట్రోలర్ పెట్టుకోండి, ఫజ్జీ జోలికి పోకండి.

ఇంకో పరిమితి: ఔట్‌పుట్ కూడా డిగ్రీల్లో మారగలగాలి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కో ఇన్వర్టర్ ఏసీకో 70 శాతం అంటే అర్థముంది. పాత ఏసీలో కంప్రెసర్ ఆన్ లేదా ఆఫ్, అంతే. దానికి 0.7 చెబితే చివర్లో మళ్లీ ఒక గీత పెట్టి ఆన్-ఆఫ్‌గా మార్చాల్సిందే. పైగా ఆగిన కంప్రెసర్ని వెంటనే మళ్లీ తిప్పితే లోపలి ప్రెషర్ సర్దుకోక లోడ్ పడుతుంది, అందుకే మూడు నిమిషాల డిలే పెడతారు. ఆ డిలే ఫజ్జీ రూల్‌గా రాయకండి. అది కచ్చితమైన if గానే ఉండాలి. మంటల అలారం, ఓవర్‌హీట్ కటాఫ్ కూడా అంతే. భద్రతకి సంబంధించినవన్నీ నిజం-అబద్ధంగా ఉండనివ్వండి.

ఇక పాడయ్యే తీరు. విద్యార్థుల ప్రాజెక్టుల్లో మళ్లీ మళ్లీ కనిపించేది ఖాళీలు. హాయి 22 నుంచి 27 దాకా, వేడి 28 నుంచి మొదలు అని పెడతారు. 27.5 దగ్గర ఏ మాటకీ విలువ లేదు, బరువుల మొత్తం సున్నా, సున్నాతో భాగహారం. పైథాన్ అయితే ZeroDivisionError ఇచ్చి ఆగుతుంది, కనీసం తెలుస్తుంది. ఆర్డ్యుయినోలో float అయితే nan వస్తుంది, దాన్ని పూర్ణాంకంగా మార్చి పీడబ్ల్యూఎంకి పంపితే ఏ విలువైనా వెళ్లొచ్చు. "ఒక్కోసారి ఉన్నట్టుండి ఫ్యాన్ ఆగిపోతోంది, వదులు వైరేమో" అని బ్రెడ్‌బోర్డు మొత్తం పీకి మళ్లీ పెడుతుంటారు. వైర్లలో ఏమీ ఉండదు. అందుకే పైన కోడ్‌లో hayi విలువని విడిగా రాయకుండా ఒకటి నుంచి మిగతా రెండూ తీసేసి రాశాను. అలా రాస్తే ఖాళీ పడే అవకాశమే ఉండదు.

రెండోది, వాలు మరీ నిటారుగా పెట్టడం. వేడిని 28.8 నుంచి 29.2 లోపలే 0 నుంచి 1కి తీసుకెళ్తే అది పేరుకే ఫజ్జీ, పనికి మీ పాత if. వాలు వెడల్పు సెన్సర్ తప్పుకన్నా చాలా రెట్లు ఉండాలి. డీహెచ్‌టీ11 వాడుతుంటే దాని తప్పు అటూ ఇటూ రెండు డిగ్రీలు, దానితో ఐదు డిగ్రీల వాలు కూడా ఇరుకే. రిపోర్టుకి అందంగా ఉంటుందని "చాలా వేడి", "కొంచెం వేడి", "మరీ వేడి" అని మాటలు పెంచుకుంటూ పోవద్దు. మాటలు పెరిగేకొద్దీ ఒక్కో వాలు ఇరుకవుతుంది, రూల్స్ గుణించుకుంటూ పోతాయి: ఏడు ఉష్ణోగ్రత మాటలు, ఐదు తేమ మాటలంటే 35 రూల్స్, వాటిలో తప్పు ఎక్కడుందో వెతకడం నరకం.

బోర్డులోకి ఎక్కించే ముందు కంప్యూటర్ మీదే ఒక పని చేయండి. తేమని 70 దగ్గర ఉంచి, ఉష్ణోగ్రతని 15 నుంచి 45 దాకా 0.1 చొప్పున పెంచుతూ స్పీడ్‌ని, బరువుల మొత్తాన్ని ప్రింట్ చేయండి. పైన రాసిన విలువలే పెట్టి ఉంటే 21కి 10, 26కి 45, 28.5కి దాదాపు 66.7, 31కి 92.5 రావాలి. ఎక్కడా స్పీడ్ వెనక్కి తగ్గకూడదు, బరువుల మొత్తం ఎక్కడా సున్నాకి దగ్గరగా పోకూడదు. తర్వాత ఉష్ణోగ్రతని 29 దగ్గర నిలిపి తేమని 20 నుంచి 95 దాకా పెంచండి: 40 దాకా 54 దగ్గర ఉండి, 50కి 61, 60కి 65, 70కి 70, 80కి 80 రావాలి. వేరే అంకెలొస్తే ఆ టేబుల్‌నీ మీ మెంబర్‌షిప్ విలువల్నీ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.